టోర్నడో డయాగ్రమ్‌లో స్టీలు రేటు, టన్నులు విడిగా చూపాలా, కలిపి చూపాలా?

12,000 చదరపు అడుగుల అపార్ట్‌మెంట్‌కి ఎక్సెల్‌లో 2.40 కోట్ల బడ్జెట్ వేశాను. ఏ అంచనా మారితే ఖర్చు ఎంత మారుతుందో పెద్దది పైన ఉండేలా బార్లుగా చూపే టోర్నడో డయాగ్రమ్ కోసం, మొదట ఒక్కో అంచనానూ 10 శాతం అటూ ఇటూ మార్చి చూస్తే 54 లక్షల లేబర్ ఖర్చే పైన నిలిచింది. కానీ లేబర్ రేటు ఒప్పందంలో ఖాయమైపోయింది, అది పెద్దగా కదలదు. అందుకే ఒక్కోదానికీ నిజంగా జరగగల కనిష్ఠ, గరిష్ఠ విలువలు ఇచ్చాను.

ఇప్పుడు స్టీలు పైకొచ్చింది. టన్ను 60,000 నుంచి 75,000కి పెరిగితే 7.2 లక్షలు అదనం. డిజైన్ మారి 48 టన్నులు కాస్తా 54 అయితే 3.6 లక్షలు. రెండూ ఒకేసారి జరిగితే మాత్రం 11.7 లక్షలు. అంటే రెండు బార్లు కూడినా 90 వేలు తక్కువే చూపిస్తున్నాయి. ఒకే బార్‌గా గీస్తే రేటు వల్ల ఎంతో, డిజైన్ వల్ల ఎంతో తెలియట్లేదు.

అనుకోని ఖర్చులకు కంటింజెన్సీ ఎంత పెట్టాలో తేల్చుకోవడానికి మీరైతే ఈ రెండింటినీ ఏ పద్ధతిలో చూపిస్తారు?