కొత్త విధానంలో పన్ను సున్నా అయినా 15హెచ్ తీసుకోనంటున్నారు, ఏం చేయాలి?

విశాఖలో ఉండే మా నాన్నగారికి 67 ఏళ్లు. 2025-26లో పెన్షన్ 5,40,000, ద్వారకానగర్ బ్యాంకులో ఎఫ్‌డీ వడ్డీ 1,80,000, ఎంవీపీ కాలనీలోని మరో బ్యాంకులో 70,000. పెన్షన్‌పై స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీసేస్తే ఆదాయం 7,15,000. కొత్త విధానంలో పన్ను 15,750 వస్తుంది, కానీ 87ఏ రిబేటుతో సున్నా. (80టీటీబీ పాత విధానానికే కనుక వదిలేశాం.)

సీనియర్లకు టీడీఎస్ పరిమితి ఒక్కో బ్యాంకుకు ఏడాదికి లక్ష. అందుకే రెండో బ్యాంకుతో ఇబ్బంది లేదు. మొదటి బ్యాంకులో టీడీఎస్ కోయవద్దని ఏప్రిల్‌లోనే 15హెచ్ ఫారం ఇవ్వాల్సింది, ఆలస్యమైంది. జూన్ త్రైమాసికం వడ్డీపై పది శాతం కోశారు. అది బ్యాంకు తిరిగివ్వదు, 26ఏఎస్‌లో చూసుకుని రిటర్న్‌లో రీఫండ్ అడగాలని తెలుసు.

ఇప్పుడు మిగతా ఏడాదికి 15హెచ్ ఇస్తే, "ఆదాయం మినహాయింపు పరిమితి దాటింది" అని కౌంటర్‌లో తిప్పి పంపారు. ఆ పరిమితి అడ్డంకి 60 ఏళ్లలోపువారు ఇచ్చే 15జీకే కదా? రిబేటు తర్వాత పన్ను సున్నా అయితే 15హెచ్ తీసుకోవాలని ఫారం కింది నోట్‌లోనే ఉంది.

ఆన్‌లైన్‌లో ఇస్తే ఈ అభ్యంతరం రాదా? మొత్తం ఆదాయం గడిలో 7,15,000 రాయాలా, 7,90,000 రాయాలా? మధ్యలో కొత్త ఎఫ్‌డీ వేస్తే మళ్లీ ఫారం ఇవ్వాలా? ఇటీవల ఇచ్చినవారు చెప్పగలరు.