కేటలాగ్ బొమ్మలో స్పోకులు లెక్కపెట్టి మరీ వేయాలా?

బొమ్మలపని: ఒక సైకిల్ డీలర్ కేటలాగ్ కోసం పాతకాలపు నల్ల సైకిల్‌ని, అదే రాడ్ బ్రేకులున్న రోడ్‌స్టర్‌ని, 3డీలో చేస్తున్నాను. ఒక స్పోకు గీసి 36 సార్లు గుండ్రంగా కాపీ చేశా. ఎవరో "ఇది సైకిల్ చక్రం కాదు, ఎడ్లబండి చక్రం" అన్నారు. కొనేవాళ్ళు అంత చూస్తారా? సరిచేయడం అవసరమా?

షాపుమాట: చూడరు. నేను ఆన్‌లైన్‌లో సైకిళ్ళు అమ్ముతాను. జనం ధర, రంగు, క్యారియర్ ఉందా లేదా చూస్తారు. పైగా లెక్క చూడండి. సైకిల్ పొడవు సుమారు 1900 మిల్లీమీటర్లు. ఫోన్‌లో బొమ్మ వెడల్పు 400 పిక్సెళ్ళనుకుంటే, ఒక్కో పిక్సెల్‌లో దాదాపు 5 మిల్లీమీటర్లు పడతాయి. స్పోకు మందం 2. అంటే అర పిక్సెల్ కూడా లేదు. కనిపించని దానికి రెండు రోజుల కూలీ ఎందుకు?

రిమ్ముగూడు: చిన్న బొమ్మకి మీ లెక్క సరే. వేలితో జూమ్ చేసే 3000 పిక్సెళ్ళ బొమ్మలో అదే స్పోకు మూడు పిక్సెళ్ళు. అక్కడ దొరికిపోతాం.

బొమ్మలపని గారూ, ముప్ఫై ఏళ్ళుగా చక్రాలు అల్లుతున్నవాడిగా చెబుతున్నా. మీ తప్పు స్పోకుల సంఖ్య కాదు, వాటి దిశ. ఒకటే స్పోకుని తిప్పి కాపీ చేస్తే అన్నీ ఒకే వైపు వాలతాయి, లేదా అన్నీ హబ్బు నడిమి నుంచి సూటిగా బయటికి పోతాయి. అల్లిన చక్రంలో సగం స్పోకులు హబ్బు తిరిగే వైపు, సగం దానికి ఎదురుగా వాలి ఉంటాయి. తొక్కినప్పుడు గొలుసు లాగే బలాన్ని హబ్బు నుంచి రిమ్ముకి చేర్చేది ఆ వాలే.

కాబట్టి కాపీ చేయాల్సింది ఒక స్పోకుని కాదు, నాలుగింటిని. హబ్బుకి రెండు పక్కలా స్పోకులు తగిలించే రంధ్రాలున్న అంచులే ఫ్లాంజిలు. ఎడమ ఫ్లాంజి నుంచి ముందుకి ఒకటి, వెనక్కి ఒకటి. కుడి ఫ్లాంజి నుంచీ అలాగే రెండు. ఈ నాలుగింటి గుత్తిని 40 డిగ్రీల చొప్పున తొమ్మిది సార్లు తిప్పితే 36 అవుతాయి. అసలు పాత రోడ్‌స్టర్‌కి ముందు చక్రంలో 32, వెనక 40 ఉంటాయి. అప్పుడు ముందు 45 డిగ్రీలతో ఎనిమిది సార్లు, వెనక 36 డిగ్రీలతో పది సార్లు. రెండు ఫ్లాంజిల రంధ్రాలు ఎదురెదురుగా పెట్టకండి, సగం ఖాళీ జరపండి. రిమ్ము దగ్గర ఎడమ, కుడి, ఎడమ, కుడి అని వరసగా వస్తున్నాయేమో చూడండి. రాకపోతే ఎక్కడో గుత్తి తిరగబడినట్టే.

ఇంకొక పరీక్ష వాల్వు. దాని పక్క స్పోకులు రెండూ పైకి విచ్చుకుంటూ పోవాలి, పంపు తల పట్టాలి కదా. సరిగ్గా వాల్వు నెత్తిన స్పోకులు దగ్గరికి వచ్చాయంటే, చక్రం అల్లిన ఏ మెకానిక్ అయినా నవ్వుతాడు.

గేర్‌వీరుడు: కరెక్ట్. సూటి స్పోకులు వేస్తే ఎప్పుడైనా తప్పే.

రిమ్ముగూడు: ఎప్పుడూ కాదు బాబూ. రిమ్ము బ్రేకున్న రేసు సైకిళ్ళ ముందు చక్రాల్లో సూటిగా వేసినవి చాలా ఉన్నాయి. ముందు చక్రానికి గొలుసు లేదు, దాన్ని తిప్పే పని లేదు. డిస్క్ బ్రేకు పెడితే కథ మారుతుంది, ఆపే బలం హబ్బు నుంచే వెళ్ళాలి. మీరు అన్నది ఈ రోడ్‌స్టర్ వరకు నిజం.

సైడ్‌స్టాండ్: అన్నా, నా వెనక చక్రం వంకర తిరుగుతోంది, రిమ్ము కుడివైపుకి తగులుతోంది. ఏ స్పోకు బిగించాలి?

రిమ్ముగూడు: ఇది బొమ్మల గొడవ తమ్ముడూ. అయినా చెబుతా, తగిలే చోట ఎడమ ఫ్లాంజి నుంచి వచ్చే స్పోకుల్ని అరచుట్టు బిగించు, తిప్పి చూడు. ఒకేసారి రెండు చుట్లు తిప్పకు.

కెమెరాకన్ను: స్పోకుల కంటే ముందు చక్రం గుండ్రనితనం చూడండి. ఏటవాలు కోణంలో బొమ్మ తీస్తే చక్రం కోడిగుడ్డు ఆకారంలో కనిపిస్తుంది, అందరూ హబ్బుని ఆ గుడ్డు నట్టనడుమ పెట్టేస్తారు. అక్కడే చక్రం వంగినట్టు అనిపిస్తుంది. ఏది తప్పో చెప్పలేకపోయినా చూసేవాడి కంటికి తేడా తెలుస్తుంది.

28 అంగుళాల చక్రం టైరుతో కలిపి 711 మిల్లీమీటర్లు. 45 డిగ్రీలు తిప్పి ఒక మీటరు దూరం నుంచి చూస్తే, దగ్గరి సగం, దూరపు సగం కలిసి 5:3 నిష్పత్తిలో కనిపిస్తాయి. అంటే హబ్బు బాగా దూరపు అంచు వైపుకి జరగాలి. నాలుగు మీటర్ల దూరం నుంచి అయితే 53, 47గా దాదాపు సమానమవుతాయి. కేటలాగ్ ఫోటోకి నాలుగైదు మీటర్లు వెనక్కి వెళ్ళి పెద్ద లెన్స్ పెట్టమనేది ఇందుకే. మీ 3డీ కెమెరాని కూడా అక్కడే నిలబెట్టండి. చేత్తో గీసినప్పుడే ఈ పొరపాటు ఎక్కువ, 3డీలో కెమెరా దానంతటదే చూసుకుంటుంది. కానీ ఫోటోలో చక్రం తీసి ఇంకో చక్రం అతికిస్తే మళ్ళీ మొదటికే వస్తుంది.

ఇంకోటి, స్టూడియోలో తెల్ల గోడ ముందు మెరిసే స్పోకులు మాయమైపోతాయి. ఆ తర్వాత బ్యాక్‌గ్రౌండ్ కత్తిరించేవాడు వాటిని సగం తినేస్తాడు. బూడిద రంగు తెర వాడండి. నా మాట ఏమిటంటే, అసలు సైకిల్ ఉంటే ఫోటోనే తీయండి.

షాపుమాట: ఫోటో అంటే ప్రతి రంగుకీ ఒక సైకిల్ కావాలి. ఆరు రంగులు. మీరు సైకిళ్ళు ఇస్తారా?

కెమెరాకన్ను: రంగు ఫ్రేముకి మార్చుకోవచ్చు కదా. చక్రాలు ఒకే ఫోటోవి వాడండి.

బొమ్మలపని: లేఅవుట్ కోసం బొమ్మని అద్దంలో చూసినట్టు తిప్పేశాను. అది ఫర్వాలేదా?

రిమ్ముగూడు: గొలుసు ఎడమకి పోతుంది. సైకిల్‌కి గొలుసు కుడివైపే. డిస్క్ ఉన్న సైకిల్‌కి డిస్క్ ఎడమవైపు. తిప్పితే రెండూ తప్పే.

గేర్‌వీరుడు: అయితే బైకుల బొమ్మకీ అదే రూలు పెట్టుకోండి.

రిమ్ముగూడు: అక్కడే బోల్తా పడతారు. మన రోడ్ల మీద తిరిగే స్ప్లెండర్ లాంటి బైకులకి గొలుసు ఎడమవైపు, వెనక బ్రేకు పెడల్ కుడివైపు. పైగా చాలావాటికి గొలుసు కవరు లోపలే ఉంటుంది, బొమ్మలో అసలు కనపడదు. సైకిల్ అలవాటుతో బైకుకి కుడివైపు గొలుసు వేసిన పోస్టర్ ఒకటి మా ఊరి బస్టాండ్‌లో చూశా.

రోడ్‌స్టర్ గొలుసులో కూడా చూడాల్సింది ఉంది. ఒక లింకు వెడల్పు, దాని పక్కది సన్నం, అలా మారుతూ వెళ్ళాలి. లింకుకి లింకుకి మధ్య 12.7 మిల్లీమీటర్లు, అంటే అరంగుళం. 44 పళ్ళ చైన్ వీల్ వ్యాసం సుమారు 178 మిల్లీమీటర్లు వస్తుంది, 18 పళ్ళ ఫ్రీవీల్ 73. చైన్ వీల్‌ని మీ ఇష్టం వచ్చిన సైజులో గీసి 44 పళ్ళు పెడితే గొలుసు పళ్ళ మీద కూర్చోదు. తొక్కుతున్నట్టు చూపిస్తే పై గొలుసు బిగువుగా, కింది గొలుసు కాస్త వేలాడుతూ ఉండాలి.

బ్రేకు సంగతి మరిచాను. రాడ్ బ్రేకులో రబ్బరు ముక్కలు రిమ్ము పక్కల్ని పట్టుకోవు. రాడ్ పైకి లాగినప్పుడు, హబ్బు వైపు చూసే రిమ్ము లోపలి ముఖానికి వెళ్ళి నొక్కుతాయి. చాలామంది రాడ్లు గీసి, కింద రిమ్ము పక్కల్ని పట్టుకునే మామూలు కాలిపర్ బ్రేకు పెట్టేస్తారు.

షాపుమాట: ఇదంతా చదివాక కూడా నా మాట అదే. చిన్న బొమ్మకి పనికిరాని కష్టం. జూమ్ బొమ్మ ఒక్కటే సరిగా చేయించండి, దానికి మాత్రం డబ్బు ఇస్తాను.

కెమెరాకన్ను: చిన్న బొమ్మ కూడా ఆ పెద్దదాన్ని కుదించినదే కదా. రెండు మోడళ్ళు ఎందుకు చేస్తారు?

బొమ్మలపని: గుత్తి పద్ధతి పట్టింది, వెనక చక్రం 40తో వచ్చింది. వాల్వు మాత్రం సరిగ్గా దగ్గరికి వచ్చే స్పోకుల కింద పడింది. దాన్ని ఒక రంధ్రం జరపనా, మొత్తం చక్రం తిప్పనా?