అప్‌డేట్: కావలిలో రొయ్యల టెక్నీషియన్ల భోజనం

నేను అడిగింది: చుట్టుపక్కల రొయ్యల చెరువుల టెక్నీషియన్లను భోజనానికి పిలవాలనుకుంటున్నా. ఎప్పుడు, ఎంతమందిని? మాట పక్కదారి పట్టకుండా ఏం చేయాలి?

మొన్న శనివారం మా మేడ మీద జరిగింది. అమావాస్య, పౌర్ణమి దగ్గరి రోజులు వదిలేశాను. అప్పుడు రొయ్యలు పెంకు వదిలే మోల్టింగ్‌లో ఉంటాయని చెరువు గట్టు వదిలి ఎవరూ రారు. తెల్లవారుజామున చెరువుల్లో ఆక్సిజన్ పడిపోతుంది, అప్పటికి వాళ్లు గట్టు మీద ఉండాలి కాబట్టి రాత్రి ఏడింటికి మొదలుపెట్టి తొమ్మిదిన్నరకు ముగించాం.

ఎనిమిది మందిని పిలిస్తే పదకొండు మంది వచ్చారు. ఒకాయన మేత డీలర్‌ను వెంటబెట్టుకొచ్చాడు. అంతే, చేపల పులుసు వడ్డించేసరికి మాట రెండు గుంపులైంది, డీలర్ ఉన్నాడని ఎవరూ నష్టం సంగతి ఎత్తలేదు. ఆ డీలర్ త్వరగా వెళ్లిపోయారు, నా అదృష్టం.

అప్పుడు ఒకే ప్రశ్న పెట్టాను: పోయిన పంటలో రొయ్యల రెట్ట తెల్లటి దారాల్లా తేలే వైట్ ఫీకల్ జబ్బు మొదట ఎక్కడ కనిపించింది, ఆ రోజు మీరేం చేశారు? అందరికంటే చిన్న కుర్రాడితో మొదలుపెట్టించాను. పెద్దవాళ్లు ముందు చెబితే వాడు తలూపేవాడే. నీటిపై తెల్ల దారాలు తేలకముందే, రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రేలో మేత మిగిలిందని, అయినా తగ్గించలేదని ఒప్పుకున్నాడు. ఆ తర్వాత సీనియర్లూ తమ తప్పులు బయటపెట్టారు.

వచ్చేసారి ఏడుగురే, అమ్మకందార్లు లేకుండా.