“కన్నా”... ఎవరి కన్నా?

శారద: ఎప్పుడో చదివిన వాక్యం రెండు రోజులుగా వదలడం లేదు. “ఆఫ్రికాలో ఇద్దరి మధ్య ఉండే తేడా, ఒక ఆఫ్రికావాడికీ ఒక యూరప్‌వాడికీ మధ్య తేడా కన్నా ఎక్కువ, ఇక జాతులెక్కడివి?” చివర ‘జాతులా’, ‘జాతా’? ఎవరికైనా గుర్తుందా?

మూర్తి: అంతకంటే ముందు ‘కన్నా’ దగ్గరే పప్పులో కాలేశారు. 2010లో దక్షిణాఫ్రికా ప్రాంతపు ఆదివాసులైన సాన్‌ల జన్యుక్రమాలు చదివారు. ఇద్దరు సాన్‌ల మధ్య వెయ్యి అక్షరాలకు సగటున 1.2 తేడాలు, యూరప్ మనిషికీ ఆసియా మనిషికీ మధ్య 1. పోలిక ఆ ఇద్దరితో. అటువైపు ఆఫ్రికావాడిని నిలబెడితే లెక్క మారిపోతుంది.

భాస్కర్: కారణం తేలికే కదా. మనిషి అక్కడ ఎక్కువ కాలం ఉన్నాడు, మార్పులు పోగుపడ్డాయి.

మూర్తి: సగం ఒప్పు. యూరప్‌వాడి ముత్తాతలూ అంతకాలం అక్కడే ఉన్నారు కదండీ, ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఏభై అరవై వేల ఏళ్ల కిందట బయటికొచ్చిన గుంపు చిన్నది. దాంతోపాటు వచ్చిన జన్యురకాలు కొన్నే, మిగతావి వెనకే ఉండిపోయాయి. ఇంకా ముందుకు సాగిన ప్రతి గుంపూ మరికొన్నిటిని వదిలేసుకుంది. అందుకే నేలమార్గాన దూరం పోయేకొద్దీ వైవిధ్యం మెల్లగా తగ్గుతుంది. దక్షిణ అమెరికా ఆదివాసుల దగ్గరికి వచ్చేసరికి బాగా తక్కువ. మధ్యలో గీత గీయడానికి చోటు లేదు.

విజయ: నేను ఉమ్మి పంపి జన్యుపరీక్ష చేయించుకున్నాను, నా మూలాలు ఎక్కడివో శాతాలతో సహా వచ్చింది. జాతులు లేకపోతే ఆ శాతాలేమిటి?

మూర్తి: వాళ్ల దగ్గరున్న నమూనాలతో మీకున్న పోలిక. నమూనాలు మారిస్తే శాతాలూ మారతాయి. ప్రాంతాన్ని బట్టి తేడాలు లేవని ఎవరూ అనడం లేదు.

సుబ్బలక్ష్మి: నా పేచీ ‘జాతి’తో. జీవశాస్త్రంలో జాతి అంటే స్పీషీస్. ఆ లెక్కన మనుషులది ఒకే జాతి, “జాతులు లేవు” అనడమే తప్పు. మహాకవి ‘నరజాతి’ అన్నది ఏకవచనంలోనే.

భాస్కర్: అక్కడ ఆయన మెచ్చుకుంటూ అనలేదు లెండి! నడక కోసం పడిన మాట అది, శాస్త్రం చూసుకుని కాదు.

సుబ్బలక్ష్మి: ఆయన నడక కోసం అర్థాన్ని వదులుకునేవారా? మీరు మళ్లీ చదవాలి.

మూర్తి: నిజానికి కూలేది ‘నల్లజాతి’లోని జాతి. సాన్‌లూ పశ్చిమాఫ్రికా యోరుబాలూ విడిపోయి లక్ష ఏళ్ల పైమాటే. యోరుబాల పూర్వీకులూ యూరప్‌వాళ్ల పూర్వీకులూ విడిపోయింది ఆ తర్వాత. చెట్టును కొమ్మలుగా నరకాలంటే మొదటి గొడ్డలివేట్లన్నీ ఆఫ్రికాలోనే పడాలి, బయటి ప్రపంచమంతా ఒక కొమ్మ చివరి రెమ్మ. 1795లో జర్మన్ శాస్త్రవేత్త బ్లూమెన్‌బాక్ మనుషుల్లో అయిదు రకాలు చెప్పి, ఆఫ్రికాకు ఒకటే ఇచ్చాడు, ఆ రెమ్మకు నాలుగు. కాకపోతే విడిపోయినవాళ్లు మళ్లీ కలుస్తూనే వచ్చారు, కాబట్టి నా చెట్టు కూడా పూర్తిగా అతకదు.

శారద: అంతా బాగుంది. ‘జాతులా’, ‘జాతా’?

సుబ్బలక్ష్మి: ‘తెగలు’ అని ఉండేదేమో.

శారద: కాదు, ‘జ’తోనే మొదలైంది.