“పెట్టె నిండా చతురస్రాకారంలో పేర్చిన గోళాలు” – ఈ వాక్యంలో ఏ మాట సరిపోలేదు?

తర్జుమా బల్ల: తొమ్మిదో తరగతి పిల్లల కోసం ఒక లెక్కను తెలుగు చేస్తున్నాను. నా వాక్యం ఇదీ: “12 సెం.మీ. అంచు ఉన్న ఘనాకార పెట్టె నిండా 3 సెం.మీ. వ్యాసం గల సమాన గోళాలను చతురస్రాకారంలో పేర్చారు. పెట్టెలో ఎంత భాగం నిండింది? ఎంత ఖాళీగా మిగిలింది?” జవాబు 52.36 శాతం, ఖాళీ 47.64 శాతం. చదివినాయన ఒకరు “నిండా పేర్చాక ఇంకా ఖాళీ ఏమిటండీ?” అని అడిగారు. ‘నిండా’ తీసెయ్యాలా? ‘పేర్చారు’ సరేనా, ‘అమర్చారు’ అనాలా?

పదాల పెట్టె: ‘నిండా’ తప్పేమీ కాదు. బుట్ట నిండా మామిడికాయలు అంటే మధ్యలో సందులు లేవని కాదు, ఇంకో కాయ పట్టదని. కానీ ‘నిండు కుండ తొణకదు’ అన్నప్పుడు నిండడమంటే నీళ్లు అంచుదాకా ఉండడం. మీ లెక్కలో ఈ రెండు అర్థాలూ ఎదురెదురుగా నిలబడ్డాయి. మొదటి వాక్యంలో కాయల నిండు, రెండో వాక్యంలో నీళ్ల నిండు. అందుకే ఆయన తడబడ్డారు. ‘పేర్చు’ మాత్రం మార్చకండి. బియ్యం పోస్తాం, బట్టలు కుక్కుతాం, ఇటుకలు పేరుస్తాం, బతుకమ్మను పేరుస్తాం. చేత్తో, వరస ప్రకారం, ఒకదాని మీద ఒకటి అన్న భావం ఆ ఒక్క మాటలోనే ఉంది. ‘అమర్చు’లో ఆ ‘మీద’ రాదు.

చిల్లర కొట్టు: మాటల సంగతి సరే, జవాబే తప్పేమో చూడండి. చతురస్రంలో వృత్తం గీస్తే π/4, అంటే 78.5 శాతం. పెట్టెను పైనుంచి చూస్తే ప్రతి గోళం ఒక గడిలో వృత్తంలాగే కనిపిస్తుంది. ఖాళీ 21.5 శాతమే కదా?

లెక్కల పంతులు: మీరు సగం దారి సరిగ్గానే వచ్చారండీ. పైనుంచి చూస్తే 21.5 శాతం సందులన్నది నిజమే. కాని గోళం ఆ వెడల్పుతో ఉండేది నడుము దగ్గరే, పైకీ కిందికీ పోయేకొద్దీ సన్నబడుతుంది. మీరు లెక్కగట్టింది 3 సెం.మీ. ఎత్తున్న డబ్బాలాంటి స్తంభాన్ని. ఆ స్తంభంలో సరిగ్గా ఇమిడే గోళం దానిలో మూడింట రెండు వంతులే. ఇది ఆర్కిమెడిస్ తేల్చిన సంగతి. మీ π/4ను 2/3తో గుణించండి, π/6 వస్తుంది. అదే 0.5236.

ఇదే పెట్టెలో చూద్దాం. ఒక్కో వైపు నాలుగు చొప్పున 4 × 4 × 4 = 64 గోళాలు. ఒక్కోటి 14.137 ఘన సెం.మీ., మొత్తం 904.8. పెట్టె 1728. మిగిలింది 823.2. గోళాలు 2 సెం.మీ.వి తీసుకుంటే 216 పడతాయి, మొత్తం మళ్లీ 904.8 వస్తుంది. 12 సెం.మీ. గోళం ఒక్కటే పెట్టినా అంతే. ప్రతి గోళం తన సొంత గడిలో ఉంటుంది కాబట్టి గడిలో ఎంత భాగమో పెట్టెలోనూ అంతే భాగం. ఒకే షరతు, పెట్టె అంచు వ్యాసానికి సరిగ్గా గుణిజమై ఉండాలి. పెట్టె 13 సెం.మీ. అయితే అవే 64 పడతాయి, నిండేది 41.2 శాతమే.

పిల్లలు ఎక్కువగా దెబ్బ తినేది వ్యాసం, వ్యాసార్ధం దగ్గర. సూత్రంలో r చోట 3 వేస్తే ఒక్కో గోళం 113 వస్తుంది, 64తో గుణిస్తే 7238. పెట్టె కంటే గోళాలు నాలుగు రెట్లు పెద్దవవుతాయి! ఆ అంకె చూడగానే అనుమానం రావాలి.

బత్తాయిల బండి: నాకు ‘చతురస్రాకారంలో’ అన్న మాట మీదే అనుమానం. పండ్ల బండి మీద బత్తాయిలు పేర్చేవాళ్లు కూడా అడుగు వరసను చతురస్రంగానే పెడతారు. రెండో వరస పండును కింది నాలుగు పండ్ల మధ్య గుంటలో కూర్చోబెడతారు. అదీ చతురస్రాకార పేర్పే. కాని అది π/6 కాదు, 74 శాతం. కాబట్టి మీ వాక్యానికి రెండు జవాబులున్నాయి.

తర్జుమా బల్ల: అయ్యో, ఇది నాకు తట్టనే లేదు. మూలంలో బొమ్మ ఉంది, గోళాలు నిలువునా ఒకదాని నెత్తిన ఒకటి ఉన్నాయి. నా వాక్యంలో ఆ ‘నెత్తిన’ రాలేదు.

లెక్కల పంతులు: బండి గారు పట్టుకున్నది అసలైన లోపం. చతురస్రం అన్న మాట ఒక్క పొరను గురించే చెబుతుంది, పొర మీద పొర ఎలా కూర్చుందో చెప్పదు. నెత్తిన పెడితే ఒక్కో గోళాన్ని ఆరు గోళాలు తాకుతాయి, గుంటలో పెడితే పన్నెండు. గుంటల పేర్పు 74.05 శాతం అన్నదీ నిజమే. అంతకు మించి ఏ పేర్పులోనూ పట్టవని కెప్లర్ 1611లో అన్నాడు, థామస్ హేల్స్ 1998లో రుజువు ప్రకటించాడు.

కాని ఆ 74 శాతాన్ని ఈ పెట్టెకు జవాబుగా రాయకండి. అది గోడలు లేని పేర్పు లెక్క. మన 12 సెం.మీ. పెట్టెలో గుంటల్లో పేర్చి చూద్దాం. అడుగున 16. వాటి మధ్య గుంటలు 9, కాబట్టి రెండో పొరలో 9. మూడో పొరలో మళ్లీ 16. ఒక పొర నుంచి పై పొరకు ఎత్తు 3 సెం.మీ. కాదు, 3ను √2తో భాగిస్తే వచ్చే 2.121 సెం.మీ. ఐదు పొరలకు 3 + 4 × 2.121 = 11.485. ఆరోది పట్టదు. మొత్తం 16 + 9 + 16 + 9 + 16 = 66. నెత్తిన పేరిస్తే 64, గుంటల్లో పేరిస్తే 66! 54.0 శాతం. ఇంత శ్రమా రెండు గోళాల కోసం.

బత్తాయిల బండి: 74 ఎక్కడ, 54 ఎక్కడ? తేడా అంతా ఎటు పోయినట్టు?

లెక్కల పంతులు: గోడలకు పోయింది. తొమ్మిది గోళాలున్న పొరలో చుట్టూ సెంటీమీటరున్నర ఖాళీ, పైన అర సెంటీమీటరు. గోళాలు చిన్నవయ్యేకొద్దీ ఈ నష్టం తగ్గుతుంది. ఇదే పెట్టెలో 2 సెం.మీ. గోళాలైతే ఎనిమిది పొరల్లో 244, అంటే 59.1 శాతం. 1 సెం.మీ.వైతే పదహారు పొరల్లో 2120, 64.2 శాతం. 74 వైపు మెల్లగా పోతుంది. నెత్తిన పేర్చినదానికి ఈ గోడల బాధ లేదు, అందుకే చిన్న పెట్టెలో అది అంత వెనకబడదు.

ఇంకుడు గుంత: నాకు పనికొచ్చే చర్చే దొరికింది. ఇంట్లో ఇంకుడు గుంత తవ్విస్తున్నాం, మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు. 40 ఎం.ఎం. కంకర నింపుతారట. అయితే 476 లీటర్ల నీళ్లు పడతాయన్నమాట?

లెక్కల పంతులు: పట్టవండీ. మీ కంకర గోళాలు కాదు, సమానమూ కాదు, ఎవరూ పేర్చరు, తట్టతో గుమ్మరిస్తారు. ఈ మూడూ తేడాలే. చిన్న రాళ్లు పెద్ద రాళ్ల సందుల్లో దూరితే ఖాళీ ఇంకా తగ్గుతుంది. మీ కంకరకు మీరే కొలుచుకోండి. 20 లీటర్లు పట్టే బకెట్టు నిండా కంకర వేసి, మగ్గుతో కొలుస్తూ రాళ్ల పైఅంచు దాకా నీళ్లు పోయండి. 8 లీటర్లు పడితే 40 శాతం, మీ గుంతలో 400 లీటర్లు. దుమ్ము కడిగిన కంకరతోనే చూడండి. పైగా మొదటి వానలకు ఒండ్రు దిగితే ఆ లెక్కా తగ్గుతుంది.

పదాల పెట్టె: చూశారా, ‘పేర్చు’, ‘గుమ్మరించు’ అన్న రెండు క్రియల మధ్య ఎంత లెక్క ఉందో. సమాన గోళాలనే గుమ్మరించి బాగా కుదిపితే ఎంత పడతాయి పంతులు గారూ?

లెక్కల పంతులు: పెద్ద పాత్రలో సుమారు 64 శాతం. అంటే శ్రద్ధగా నెత్తిన పేర్చిన 52 కంటే కుదిపి పోసిందే ఎక్కువ. నెత్తిన పేర్చినది నిలకడ లేని పేర్పు. గోడలు బిగువుగా పట్టుకుంటేనే నిలుస్తుంది, కాస్త వదులిస్తే పై గోళం గుంటలోకి జారాలని చూస్తుంది. లోహాల్లోనూ పరమాణువులు ఇలా పేర్చుకున్నది అరుదు, పొలోనియం ఒక్కటే అందరూ చెప్పే ఉదాహరణ.

చిల్లర కొట్టు: క్లాసులో నీళ్లు పోసి చూపించొచ్చా మరి? 823 మి.లీ. పట్టాలి కదా.

లెక్కల పంతులు: చూపించొచ్చు, కాని పెట్టె లోపలి కొలత చూసుకోవాలి. గోళాలు 3.02 సెం.మీ. ఉన్నా నాలుగు కలిసి 12.08, పెట్టెలో దిగవు. అందుకని పెట్టెను 12.2 చేయిస్తారు. ఆ రెండు మి.మీ.లకే పెట్టె 1816 ఘన సెం.మీ. అవుతుంది, సరిగ్గా 3 సెం.మీ. గోళాలతో నిండిన భాగం 49.8 శాతానికి పడిపోతుంది, నీళ్లు 911 మి.లీ. పడతాయి. 823 కంటే బాగా ఎక్కువ పట్టిందంటే పెట్టె వదులని అర్థం. తక్కువ పడితే గోళాల కింద గాలి బుడగలున్నట్టు, మూల నుంచి సన్నని ధారగా పోసి పక్కల తట్టండి. బోలు ప్లాస్టిక్ బంతులు వద్దు, తేలిపోయి పేర్పంతా చెడుతుంది. గాజువో ఉక్కువో తీసుకోండి.

తర్జుమా బల్ల: సవరించిన వాక్యం: “లోపలి అంచు 12 సెం.మీ. ఉన్న ఘనాకార పెట్టెలో 3 సెం.మీ. వ్యాసం గల సమాన గోళాలను అడుగున నాలుగు వరసల్లో, వరసకు నాలుగు చొప్పున పెట్టి, పై పొరల్లో ప్రతి గోళమూ కింది గోళం నెత్తిన సరిగ్గా వచ్చేలా పైదాకా పేర్చారు. పెట్టె ఘనపరిమాణంలో గోళాలు ఆక్రమించిన వంతు ఎంత? సందుల వంతు ఎంత?”

పదాల పెట్టె: ‘నెత్తిన’ పాఠంలో రానిస్తారో లేదో కాని నాకు నచ్చింది. ‘ఖాళీ’ బదులు ‘సందులు’ కూడా బాగుంది. ఖాళీ అంటే పైన మిగిలిన చోటు అనుకుంటారు.

బత్తాయిల బండి: నేనొప్పుకోను. సందు అంటే రెండింటి మధ్యనుండేది. గోడకూ గోళానికీ మధ్య మూలలో ఉన్నదాన్ని సందు అంటామా? నా ఓటు ‘వెలితి’కి.

పదాల పెట్టె: వెలితి అంటే ఉండాల్సింది తగ్గడం. ఇక్కడ తగ్గిందేముంది, 65వ గోళం పట్టదు కదా.

బత్తాయిల బండి: 66 పట్టించి చూపించారు కదండీ పంతులు గారు.