30 హెచ్‌పీ స్క్రూ కంప్రెసర్: మామూలుదా, వీఎఫ్‌డీదా? ఐదేళ్ల లెక్క చెప్పండి

చర్లపల్లి యూనిట్: మాది మందుల కంపెనీలకు అట్టపెట్టెలు చేసే యూనిట్. పాత కంప్రెసర్ మార్చాలి. రెండు కొటేషన్లు వచ్చాయి, రెండూ 22 కిలోవాట్లే. మామూలు లోడ్-అన్‌లోడ్ మెషిన్ 5.2 లక్షలు, గాలి వాడకాన్ని బట్టి మోటారు వేగం మార్చే వీఎఫ్‌డీ డ్రైవ్ ఉన్నది 7.3 లక్షలు. రోజుకు 16 గంటలు, ఏడాదికి 300 రోజులు నడుపుతాం. కరెంటు అన్నీ కలిపి యూనిట్ 8 రూపాయలు పడుతోంది. మెషిన్ ఆగితే గంటకు దాదాపు 6,000 నష్టం. 2.1 లక్షలు ఎక్కువ పెట్టడం దండగా?

ప్యానెల్ వైరింగ్: కళ్లు మూసుకుని వీఎఫ్‌డీ తీసుకోండి అన్నా. 35 శాతం ఆదా గ్యారంటీ. స్టార్టింగ్ కరెంటు కూడా మెల్లగా ఎక్కుతుంది.

మిర్యాలగూడ మిల్లు: స్టార్టింగ్ మాట నిజమే కానీ 35 శాతం అందరికీ రాదు. మా రైస్‌మిల్లులో రంగు మారిన బియ్యం ఏరే సార్టెక్స్ మెషిన్‌కి గాలి కావాలి, సీజన్‌లో కంప్రెసర్ దాదాపు ఫుల్ లోడ్‌లోనే ఉంటుంది. అలాంటప్పుడు డ్రైవ్ తినే రెండు మూడు శాతం కరెంటు మనకు అదనపు ఖర్చే. అందుకే మేం మామూలుదే తీసుకున్నాం.

కంప్రెసర్ సర్వీస్: చర్లపల్లి సార్, పాత మెషిన్ కంట్రోలర్‌లో రెండు గంటల మీటర్లు ఉంటాయి: మొత్తం నడిచినవి, లోడ్‌లో నడిచినవి. ఆ రెండూ చెప్పండి. కొటేషన్ కన్నా ముందు చూడాల్సింది అదే.

చర్లపల్లి యూనిట్: చూశాను. నడిచిన గంటల్లో 60 శాతం లోడ్.

కంప్రెసర్ సర్వీస్: అయితే లెక్క ఇదీ. మీ సైజు మెషిన్ లోడ్‌లో సుమారు 25 కిలోవాట్లు, అన్‌లోడ్‌లో 8 లాగుతుంది. గాలి ఇవ్వకుండా తిరిగే ఆ 8 కిలోవాట్లే అసలు దండగ. మీ 4,800 గంటలకు ఏడాదికి 87,360 యూనిట్లు, అంటే దాదాపు 7 లక్షలు. మెషిన్ ధర కన్నా ఒక్క ఏడాది కరెంటే ఎక్కువ! అదే గాలికి వీఎఫ్‌డీ సగటున 16 కిలోవాట్లు తీసుకుంటుందనుకుంటే 76,800 యూనిట్లు. ఏడాదికి 84 వేలు మిగులుతుంది. ఎక్కువ పెట్టిన 2.1 లక్షలు రెండున్నరేళ్లలో వచ్చేస్తాయి. ఆయిల్, ఫిల్టర్లు, సెపరేటర్ ఖర్చు రెండింటికీ ఇంచుమించు ఒకటే కాబట్టి దాన్ని పక్కన పెట్టండి.

కానీ ముందు లీకులు చూడండి. ఆదివారం ప్రొడక్షన్ ఆపి, వాల్వులన్నీ తెరిచే ఉంచి కంప్రెసర్ ఒక్కటే నడపండి. ఎన్ని సెకన్లు లోడ్‌లో ఉంది, ఎన్ని సెకన్లు అన్‌లోడ్‌లో ఉంది, ఫోన్‌లో టైం చూసి రాసుకోండి.

ఆటోనగర్: మాకు టైర్ల షాపుంది, పిస్టన్ కంప్రెసర్. దానికి వీఎఫ్‌డీ పెట్టించవచ్చా?

కంప్రెసర్ సర్వీస్: మీది రోజులో కాసేపే నడుస్తుంది బ్రదర్, ప్రెషర్ స్విచ్ చాలు.

చర్లపల్లి యూనిట్: టెస్ట్ చేశాం. 30 సెకన్లు లోడ్, 90 సెకన్లు అన్‌లోడ్. చాలాసార్లు చూసినా అంతే.

కంప్రెసర్ సర్వీస్: 120 సెకన్లలో 30, అంటే మెషిన్ ఇచ్చే గాలిలో పావు వంతు లీకులకే పోతోంది. పుష్ కనెక్టర్లు, ఎఫ్‌ఆర్‌ఎల్ గిన్నెలు, సిలిండర్ సీళ్ల దగ్గర సబ్బు నీళ్లు రాసి చూడండి. లీకుల్ని 10 శాతానికి తెస్తే లోడ్ 60 నుంచి 45కి దిగుతుంది. మామూలు మెషిన్‌తోనే ఏడాదికి 12 వేల యూనిట్ల పైన తగ్గుతుంది, దాదాపు 98 వేల రూపాయలు. వీఎఫ్‌డీ ఇచ్చే 84 వేల కన్నా ఎక్కువ! లీకులు కట్టాక మాత్రం అన్‌లోడ్ సమయం పెరుగుతుంది కాబట్టి వీఎఫ్‌డీ ఆదా కూడా లక్ష దాకా వెళ్తుంది.

మామూలుదే తీసుకుంటే గాలి ట్యాంకు పెద్దది పెట్టండి. ట్యాంకు చిన్నదైతే మాటిమాటికీ లోడ్ అవుతుంది, లోపలి ప్రెషర్ పూర్తిగా దిగకముందే మళ్లీ లోడ్ పడుతుంది. అప్పుడు అన్‌లోడ్ కరెంటు 8 దాకా రానే రాదు.

ప్యానెల్ వైరింగ్: సరే, 35 శాతం మాట వెనక్కి తీసుకుంటాను. కానీ మామూలు మెషిన్‌లో స్టార్-డెల్టా కాంటాక్టర్ మాడితే గంటలో మార్చుకోవచ్చు. డ్రైవ్ కార్డు పోతే?

మిర్యాలగూడ మిల్లు: మా పక్క మిల్లులో పోయింది, అదీ మే నెలలో. కంప్రెసర్ గది రేకుల షెడ్డు, దుమ్ము. కార్డు వచ్చేదాకా రెండు రోజులు మిల్లు ఆగింది.

కంప్రెసర్ సర్వీస్: ఇది గట్టి పాయింటే. చర్లపల్లి సార్ లెక్కలో రెండు రోజులంటే 32 గంటలు, 1.92 లక్షలు. ఒక్క దెబ్బతో రెండేళ్ల ఆదా పోయినట్టే. చాలా డ్రైవ్‌లు 40 డిగ్రీలు దాటితే పూర్తి లోడ్ మోయలేవు. వేడిగాలి డక్టుతో బయటికి పంపండి, డ్రైవ్ ఫిల్టర్ మెష్ వారం వారం దులపండి. ముఖ్యంగా పాత మెషిన్ అమ్మకండి. తుక్కు కింద వచ్చే డబ్బుల కన్నా స్టాండ్‌బైగా దాని విలువ ఎక్కువ.

చర్లపల్లి యూనిట్: ముందు లీకులు కట్టిస్తాను. నెలాఖరుకు మళ్లీ టెస్ట్ చేసి లోడ్ శాతం ఇక్కడే పెడతాను. డీలర్‌ని డ్రైవ్‌కి ఎన్నేళ్ల వారంటీ, కార్డు హైదరాబాద్‌లో స్టాక్ ఉంటుందా అని అడిగాను. రెండోదానికి ఇంకా జవాబు రాలేదు.