రెండు ప్రాణాలకు 10 కోట్లు: ఏ లెక్కన?

కాశిమేడు_రాజు: 2012లో కేరళ తీరం దగ్గర ఎన్రికా లెక్సీ ఓడ మీదున్న ఇటలీ మెరైన్లు ఇద్దరు జాలర్లను కాల్చి చంపారు కదా. అందులో ఒకాయన తమిళనాడు వాడే. చివరికి 10 కోట్లు ఇచ్చి కేసు మూసేశారు. మా హార్బర్‌లో ఇప్పటికీ ఇదే వాదన. అది పరిహారమా, బేరమా? ఏ లెక్కన 10 కోట్లు?

పెరంబూరు_సుజాత: బేరమే. ప్రాణం ఎలాగూ తిరిగి తేలేరు, కనీసం వాళ్ళకు నొప్పి తెలిసేంతైనా వేయాలి. ఇటలీ లాంటి దేశానికి 10 కోట్లు ఒక లెక్కా?

మైలాపూరు_వకీలు: సుజాతగారూ, మొదటి మాట నిజం. జరిగిన నష్టాన్ని యథాస్థితికి తేవడం కుదరదు కాబట్టి డబ్బు రూపంలో ఇవ్వాలని 2020లో అంతర్జాతీయ ట్రిబ్యునల్ కూడా అంది. నొప్పి తెలియాలని వేసేది మాత్రం జరిమానా. దేశాల మధ్య పరిహారంలో నష్టం ఎంతో చూస్తారు గానీ ఇచ్చేవాడి జేబు చూడరు.

ఇంకో సంగతి, 10 కోట్లన్న అంకె ట్రిబ్యునల్ వేసింది కాదు. ప్రాణనష్టానికి, గాయాలకు, పడవకు, సిబ్బంది పడ్డ మనోవేదనకు ఇటలీ పరిహారం ఇవ్వాలని తేల్చి, ఎంతన్నది రెండు దేశాలూ మాట్లాడుకోమంది. మెరైన్లను విచారించే అధికారం మనకు లేదని కూడా చెప్పింది. మాట్లాడుకున్నాక ఒక్కో కుటుంబానికి 4 కోట్లు, పడవ యజమానికి 2 కోట్లు కుదిరాయి. అంతకుముందే ఇచ్చిన 2.17 కోట్లు వీటిలో కలపలేదు. డబ్బు డిపాజిట్ అయ్యాకే, 2021 జూన్‌లో, సుప్రీంకోర్టు ఇక్కడి కేసులు మూసింది. రాజుగారూ, మీవాళ్ళు బేరం అనడంలో తప్పేమీ లేదు.

కాశిమేడు_రాజు: మరి నిజంగా లెక్క కడితే ఎంత వచ్చేది సార్?

మైలాపూరు_వకీలు: పోలిక కోసం మన రోడ్డు ప్రమాదాల కేసుల పద్ధతి పెట్టి చూద్దాం. 32 ఏళ్ళ జాలరి, నెలకు 20,000 సంపాదన, భార్య, ఇద్దరు పిల్లలు అనుకోండి. ముందు ముందు సంపాదన పెరుగుతుంది కాబట్టి 40 శాతం కలుపుతారు, 28,000 అవుతుంది. తన సొంత ఖర్చు కింద మూడో వంతు తీసేస్తే ఏడాదికి ఇంటికి చేరేది 2,24,000. ఎన్నేళ్ళ సంపాదన లెక్కలోకి తీసుకోవాలో చెప్పే అంకెను మల్టిప్లయర్ అంటారు, ఆ వయసుకు అది 16. మొత్తం 35,84,000. అంత్యక్రియల ఖర్చు, కుటుంబం కోల్పోయిన తోడు వగైరా కలిపినా, వడ్డీ కాక, 40 లక్షల లోపే.

గొడవంతా ఆ 20,000 దగ్గరే వస్తుంది. జాలరికి పే స్లిప్ ఉండదు, వేటలో వాటా ఉంటుంది. చేపల వేలం చీటీలైనా బ్యాంకు జమలైనా చూపించలేకపోతే కోర్టు ఏదో ఒక అంకె ఊహించి వేస్తుంది. పైగా మన తూర్పు తీరంలో ఏటా 61 రోజులు వేట నిషేధం, ఆ రెండు నెలలు సంపాదనే లేదు కదా అని అవతలి వకీలు తప్పకుండా అంటాడు.

అణ్ణానగర్_మూర్తి: మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. పక్క ప్లాట్‌లో పైలింగ్ చేసి మా కాంపౌండ్ గోడ పగలగొట్టారు. గోడ పాతదే. యథాస్థితి అన్నారుగా, కొత్త గోడ కట్టించమని అడగొచ్చా?

మైలాపూరు_వకీలు: మూర్తిగారూ, మీది సివిల్ కోర్టు సంగతి. పగుళ్ళు ఆ పైలింగ్ వల్లే వచ్చాయని ఇంజనీరు రిపోర్టు, పని మొదలుకాక ముందు తీసిన ఫొటోలు ఉంటే రిపేరు ఖర్చు గట్టిగా అడగొచ్చు. పాత గోడ బదులు కొత్తది వస్తే మీకు లాభమే కదా, కొంత తగ్గించండి అని వాళ్ళు వాదిస్తారు.

పెరంబూరు_సుజాత: సరే వకీలుగారూ, అయినా అంకె ట్రిబ్యునల్‌కే వదిలేసుంటే ఇంకా ఎక్కువ వచ్చేదని నా నమ్మకం.

మైలాపూరు_వకీలు: అలా అనుకోవడానికి లేదమ్మా. వేరే కేసు ఒకటి చూడండి. తన నేలలో నికరాగ్వా చేసిన పర్యావరణ నష్టానికి కోస్టారికా సుమారు 67 లక్షల డాలర్లు అడిగితే, 2018లో అంతర్జాతీయ న్యాయస్థానం ఇచ్చింది 3,78,890 డాలర్లు. తన మామూలు ఉద్యోగుల జీతాలు కూడా కోస్టారికా బిల్లులో కలిపింది. ఈ గొడవ లేకపోయినా ఇచ్చే జీతాలే కదా అని వాటిని కొట్టేశారు.

పెరంబూరు_సుజాత: మరి దేశానికి జరిగిన అవమానం? దానికి మల్టిప్లయర్ లేదా?

మైలాపూరు_వకీలు: లేదు. దానికి సంతృప్తి అనే దారి వేరే ఉంది. తప్పు ఒప్పుకోవడం, విచారం తెలపడం, క్షమాపణ లాంటివి. ఇక్కడ మన పడవకు సముద్రంలో తిరిగే స్వేచ్ఛను ఇటలీ ఉల్లంఘించిందని తీర్పులో రాయడమే భారత్‌కు తగిన సంతృప్తి అన్నారు. విచారణ మాత్రం ఇటలీ చేతికి వెళ్ళింది, 2022 జనవరిలో రోమ్ కోర్టు కేసు కొట్టేసింది.

పెరంబూరు_సుజాత: చూశారా, తీర్పులో ఒక వాక్యం దేశానికి సరిపోవచ్చు. ఆ ఇళ్ళల్లోవాళ్ళకు ఎలా సరిపోతుంది? నేను ఒప్పుకోను.

కాశిమేడు_రాజు: పడవలో బతికి బయటపడ్డ తొమ్మిది మంది సంగతేంటి సార్? మనోవేదన అన్నారుగా.

మైలాపూరు_వకీలు: వాళ్ళు సుప్రీంకోర్టుకు వెళ్ళాల్సి వచ్చింది. 2022లో యజమాని 2 కోట్లలోంచే తలా 5 లక్షలు ఇప్పించారు. మిగిలిన 1.55 కోట్లు యజమానికి.

కాశిమేడు_రాజు: పక్కవాడు కళ్ళ ముందే పోతే 5 లక్షలు, పడవకు కోటిన్నరా? ఇది హార్బర్‌లో చెబితే నన్నే తిడతారు.

మైలాపూరు_వకీలు: నాకూ తక్కువే అనిపిస్తుంది. కానీ ఒప్పందం కుదిరినప్పుడే వాళ్ళ వాటా విడిగా రాయలేదు. తర్వాత అడిగితే, అప్పటికే వేరొకరి పేర ఉన్న డబ్బులోంచి తీయడం తప్ప కోర్టుకు మిగిలిన దారి తక్కువ.